ఓపీ వెయిటింగ్ రిపోర్ట్: పేషెంట్‌ను ఏ గంట కింద లెక్కించాలి?

ప్రశ్న: మాది 100 పడకల ప్రైవేటు ఆస్పత్రి. ఓపీకి వచ్చినవాళ్ళు ఏ గంటలో సగటున ఎంతసేపు, ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు ఆగాల్సి వస్తోందో నెలనెలా రిపోర్ట్ ఇవ్వమని అడ్మినిస్ట్రేటర్ సార్ అడిగారు. సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌లోకి దించి చేశాను. పది గంటల వరుసలో సగటు 80 నిమిషాల పైన వస్తోంది, ఎనిమిది, తొమ్మిది వరుసలు ఖాళీ. "పొద్దున ఎనిమిదిన్నరకే హాలు నిండిపోతుంది కదమ్మా, ఇదేం రిపోర్ట్?" అన్నారు సార్. పైగా ఒకరోజు గరిష్ఠం 9 గంటలు చూపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాను? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మీ కూడికలు సరిగ్గానే ఉండి ఉంటాయండి. తేడా గంటను ఎంచుకున్న చోట వచ్చింది. మీరు పేషెంట్‌ను డాక్టరుగారు లోపలికి పిలిచిన గంట కింద వేశారు. వచ్చిన గంట కింద వేయాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో కన్సల్టేషన్ రిపోర్ట్ తీస్తే పిలిచిన టైమే ముందు కాలమ్‌లో వస్తుంది, చేతికి అందింది కాబట్టి దాని మీదే గంట తీసేస్తాం. నేను ఆస్పత్రుల్లో ఈ పని మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ఈ ఒక్క తేడా వల్ల తప్పుదారి పట్టిన రిపోర్టులు ఎన్నో చూశాను.

ఒక డాక్టరుగారి ఒక పొద్దుటి పూట తీసుకుని చూద్దాం. జనరల్ మెడిసిన్. కౌంటరు ఎనిమిదికి తెరుస్తారు. డాక్టరుగారు వార్డుల్లో రౌండ్స్ పూర్తి చేసుకుని పది దాటాక ఓపీలో కూర్చుంటారు. పది టోకెన్లే రాస్తున్నాను, చేత్తో లెక్క చూసుకోవడానికి వీలుగా ఉంటుందని.

| టోకెన్ | వచ్చిన టైమ్ | పిలిచిన టైమ్ | ఆగిన నిమిషాలు |
|---|---|---|---|
| 1 | 8:10 | 10:05 | 115 |
| 2 | 8:25 | 10:12 | 107 |
| 3 | 8:50 | 10:20 | 90 |
| 4 | 9:05 | 10:28 | 83 |
| 5 | 9:20 | 10:35 | 75 |
| 6 | 9:40 | 10:45 | 65 |
| 7 | 10:10 | 10:55 | 45 |
| 8 | 10:30 | 11:02 | 32 |
| 9 | 11:15 | 11:22 | 7 |
| 10 | 11:40 | 11:50 | 10 |

పిలిచిన గంట ప్రకారం చేస్తే మొదటి ఏడు టోకెన్లూ పది గంటల వరుసలో పడతాయి. సగటు 83, గరిష్ఠం 115. మిగిలిన మూడూ పదకొండు కింద పడి సగటు 16 వస్తుంది. ఎనిమిది, తొమ్మిది వరుసల్లో ఒక్కరూ ఉండరు. మీకు వచ్చినది అచ్చం ఇలాంటిదే.

అవే పది టోకెన్లను వచ్చిన గంట ప్రకారం వేయండి. ఎనిమిది గంటల్లో వచ్చిన ముగ్గురికి సగటు 104, గరిష్ఠం 115. తొమ్మిదిలో వచ్చిన ముగ్గురికి సగటు 74, గరిష్ఠం 83. పదిలో వచ్చిన ఇద్దరికి సగటు 38.5, గరిష్ఠం 45. పదకొండులో వచ్చిన ఇద్దరికి సగటు 8.5, గరిష్ఠం 10.

మొదటి లెక్క చూసినవాళ్ళకు పదింటికి ఏదో రద్దీ ముంచుకొస్తోందనిపిస్తుంది. రెండో లెక్కలో అసలు సంగతి కనబడుతుంది. పదింటికి వచ్చినవాళ్ళకు పెద్ద ఇబ్బంది లేదు. ఎనిమిదింటికి వచ్చి కూర్చున్నవాళ్ళకే రెండు గంటలు పడుతోంది. డాక్టరుగారు కూర్చున్నాక పేషెంట్‌కు ఏడెనిమిది నిమిషాల చొప్పున వరుస చకచకా కదులుతూనే ఉంది. కౌంటరు తెరిచే టైముకూ ఓపీ మొదలయ్యే టైముకూ మధ్య ఉన్న రెండు గంటల ఎడమే అక్కడి సమస్య. మీ దగ్గర కూడా గంట గంటకూ సగటు ఇలా మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తే, మొదట చూడాల్సింది ఓపీ మొదలైన టైమునే.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్తాను. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో పిలిచిన గంట ప్రకారం తయారైన రిపోర్ట్ చూసి, రద్దీ పదింటికే అనుకుని బిల్లింగ్ కౌంటరులో ఇంకొక అమ్మాయిని పెట్టారు. మరుసటి నెల సగటు తగ్గకపోగా పెరిగింది. అందరూ ఆశ్చర్యపోయారు. కారణం ఆలోచిస్తే తేలికే. అంతకుముందు పేషెంట్లు కౌంటరు ముందు నిలబడి ఉన్నంతసేపూ ఏ రికార్డులోనూ లేరు. ఇద్దరు బిల్లులు కొట్టడంతో అందరికీ టోకెన్లు త్వరగా అందాయి, దాంతో వాళ్ళ గడియారం ముందే మొదలైంది. డాక్టరుగారు మాత్రం ఎప్పటిలాగే పది దాటాకే వచ్చారు. నిలబడి ఆగేవాళ్ళు కూర్చుని ఆగారు, అంతే. పాపం ఆ అమ్మాయి బాగా పనిచేసింది, రిపోర్ట్ మాత్రం తనవల్లే ఆలస్యం పెరిగిందన్నట్టు చూపించింది. అందుకే ఈ గంట విషయంలో నేను అంత పట్టుబడతాను.

ఇక ఆగిన సమయాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలన్నది. ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో ఓపీ వెయిటింగ్ టైమ్‌ను పేషెంట్ ఓపీకి వచ్చినప్పటి నుంచి సంబంధిత కన్సల్టెంట్ చూడడం మొదలుపెట్టేదాకా లెక్కిస్తారు. జూనియర్ డాక్టరు చూసిన టైము లెక్కలోకి రాదు. అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళకు ఇచ్చిన టైము నుంచి లెక్క మొదలవుతుంది. కాబట్టి పదిన్నరకు అపాయింట్‌మెంట్ ఉన్నాయన తొమ్మిదికే వచ్చి కూర్చుంటే ఆ గంటన్నరను మీ ఆలస్యంలో కలపకండి. వాళ్ళను వేరే పట్టికలో పెట్టడమే మేలు. బీపీ, బరువు చూసే సిస్టర్ దగ్గరికి వెళ్ళిన టైమును కొన్ని సాఫ్ట్‌వేర్లు "కన్సల్టేషన్ మొదలు" అని రాసేస్తాయి. అదే జరిగితే సగటు చాలా అందంగా వస్తుంది, కానీ బయట జనం అలాగే కూర్చుని ఉంటారు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ టైము ఏ బటన్ నొక్కితే పడుతుందో, దాన్ని ఎవరు నొక్కుతారో ఒక పొద్దున ఓపీ గదిలో నిలబడి స్వయంగా చూడండి. ఫోన్‌లో అడిగితే అందరూ "డాక్టరుగారే నొక్కుతారు" అంటారు. వెళ్ళి చూస్తే అటెండరో సిస్టరో ఐదారుగురివి ఒకేసారి నొక్కుతుండవచ్చు.

మొదలు టైము విషయంలో ఇంకొక మాట. మీ దగ్గర ఆభా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే పద్ధతి ఉంటే, ఒకే పేషెంట్‌కు రెండు టైములు ఉంటాయి: స్కాన్ టోకెన్ పడినది, కౌంటరులో ఓపీ చీటీ వచ్చినది. ముందుదాన్నే తీసుకోండి. ఆ రెండింటి మధ్య తేడా కౌంటరు దగ్గర పట్టిన సమయం. అది లేని చోట మూడు రోజులపాటు గేటు దగ్గరి సెక్యూరిటీ అతనితో వచ్చినవాళ్ళకు టైము రాసిన చిన్న కాగితం ఇప్పించి, కౌంటరులో వెనక్కి తీసుకోండి. కౌంటరు ముందు ఎంతసేపు పోతోందో తెలుసుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఇప్పుడు మీ 9 గంటల సంగతి. గరిష్ఠం అనేది ఒక్క పేషెంట్ వల్ల వచ్చే అంకె. సగటులో ఒక తప్పు టైము నలుగురిలో కలిసిపోతుంది, గరిష్ఠంలో మాత్రం ఆ తప్పే పైకి వచ్చి కూర్చుంటుంది. అందుకే ప్రతి గంటకూ గరిష్ఠం పక్కన తేదీ, టోకెన్ నంబరు రాసుకుని, పైన వచ్చిన పదీ పదిహేను కేసులను ఒక్కొక్కటిగా వెతకాలి. ఎక్కువగా బయటపడేవి ఇవి.

పొద్దున చీటీ రాయించుకుని పని మీద ఊళ్ళోకి వెళ్ళి సాయంత్రం ఓపీలో చూపించుకున్నవాళ్ళు ఉంటారు. తొమ్మిది గంటలు అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇది ఆగడం కాదు, తిరిగి రావడం. రెండోది, రక్తపరీక్షకు పంపినవాళ్ళు. పదింటికి డాక్టరుగారు చూసి పరీక్షలు రాస్తారు, రిపోర్టులు తీసుకుని ఒంటిగంటకు మళ్ళీ లోపలికి వస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండో పిలుపు టైము మొదటిదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. పావుగంట ఆగిన మనిషి మూడు గంటలు ఆగినట్టు కనబడతాడు. ల్యాబ్ బిల్లు టైము కన్సల్టేషన్ టైముకంటే ముందుంటే ఇదే జరిగిందని అనుమానించవచ్చు. మొదటి పిలుపు టైమును వేరుగా దాచమని సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడగండి. మూడోది, ఓపీ అయిపోయాక మిగిలిన టోకెన్లన్నీ ఒకేసారి క్లోజ్ చేయడం. పిలిచిన టైము కాలమ్‌ను వరుసలో పెట్టి చూడండి. 1:47కి ఎనిమిది మందిని ఒక్క డాక్టరుగారు చూడలేరు కదా. ఆ ఎనిమిదింటికీ పిలిచిన టైమును ఖాళీ చేసి "టైము తెలియదు" కింద విడిగా లెక్కపెట్టండి, సగటులో కలపకండి.

మైనస్ నిమిషాలు కూడా కనబడవచ్చు. కౌంటరు కంప్యూటర్ గడియారం ఒకటి, డాక్టరుగారి గదిలోది ఇంకొకటి అయినప్పుడు వచ్చే చిక్కు అది. మైనస్ ఆరు వచ్చిన పేషెంట్ ఒకరు కనబడ్డారంటే, కనీసం ఆరు నిమిషాల తేడా మిగతా అందరిలోనూ కనబడకుండా ఉందని అర్థం. ఆ ఒక్క వరుస తీసేస్తే సరిపోదు. రెండు టైములూ సర్వర్ గడియారం నుంచే పడేలా చేయించాలి.

గరిష్ఠాన్ని శుభ్రం చేశాక కూడా అది ఆ నెలలోని ఒక్క చెడ్డ రోజు గురించే చెప్తుంది. ఆ రోజు డాక్టరుగారు ఐసీయూలో ఎమర్జెన్సీకి వెళ్ళి ఉండవచ్చు. అందుకని నేను ఎప్పుడూ ఒక అదనపు కాలమ్ పెడతాను: ఆ గంటలో వచ్చినవాళ్ళలో 60 నిమిషాలు దాటి ఆగినవాళ్ళు ఎంతమంది అని. గరిష్ఠం 140 అని ఉండి, గంట దాటినవాళ్ళు నెల మొత్తంలో ఇద్దరే ఉంటే అది ఒకటి రెండు రోజుల ముచ్చట. అదే 140 పక్కన గంట దాటినవాళ్ళు సగంమంది ఉంటే అది రోజువారీ బాధ. అడ్మినిస్ట్రేటర్లకు ఇది ఒక్క చూపులో అర్థమవుతుంది.

రిపోర్ట్‌లో కనబడని మనుషులు రెండు రకాలు. ఒకరు చూసి చూసి వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళకు పిలిచిన టైము ఉండదు కాబట్టి సగటులోకీ గరిష్ఠంలోకీ రారు. పై పట్టికలో మొదటి ఇద్దరూ విసుగొచ్చి పదింటికి ముందే వెళ్ళిపోయారనుకోండి, తర్వాతివాళ్ళ టైములు మార్చకపోయినా ఎనిమిది గంటల సగటు 104 నుంచి 90కి పడిపోతుంది. ఇద్దరు పేషెంట్లను పోగొట్టుకున్న రోజు రిపోర్ట్‌లో మంచి రోజైపోయింది. అందుకే వెళ్ళిపోయినవాళ్ళ సంఖ్య సగటు పక్కనే, అదే వరుసలో ఉండాలి. ఇంకో పేజీలో పెడితే ఎవరూ చూడరు.

రెండోవాళ్ళు రివ్యూ పేషెంట్లు. మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో ఓపీ చీటీ కొన్ని రోజులపాటు చెల్లుతుంది. ఆ లోపు వచ్చినవాళ్ళు కొత్త బిల్లు లేకుండా పాత చీటీ పట్టుకుని నేరుగా డాక్టరుగారి గది ముందు కూర్చుంటారు. బిల్లింగ్ నుంచి తీసిన డేటాలో వాళ్ళు ఉండరు, కానీ డాక్టరుగారి టైము తీసుకుంటారు. మధ్యలో రివ్యూలు వెళ్ళడం వల్ల కొత్త పేషెంట్ల ఆగడం పెరుగుతుంది, ఎందుకు పెరిగిందో డేటాలో దొరకదు. రివ్యూకు కూడా సున్నా రూపాయల బిల్లుతో టోకెన్ ఇవ్వడం మొదలుపెడితే ఇది తీరిపోతుంది.

ఎక్సెల్ విషయానికొస్తే, డాక్టరు పేరు B, వచ్చిన తేదీ-టైము C, పిలిచిన తేదీ-టైము D కాలమ్‌లలో ఉన్నాయనుకుందాం. E2లో వచ్చిన గంట, F2లో నిమిషాలు తీసి కిందివరకూ లాగండి.

```
E2:  =HOUR(C2)
F2:  =IF(D2="","",ROUND((D2-C2)*1440,0))
```

ఆ తర్వాత తొమ్మిది గంటల వరుసకు వరుసగా వచ్చినవాళ్ళు, సగటు, గరిష్ఠం, గంట దాటినవాళ్ళు, పిలిచిన టైము లేనివాళ్ళు:

```
=COUNTIFS(E:E,9)
=AVERAGEIFS(F:F,E:E,9)
=MAXIFS(F:F,E:E,9)
=COUNTIFS(E:E,9,F:F,">60")
=COUNTIFS(E:E,9,D:D,"")
```

MAXIFS పాత ఎక్సెల్‌లో ఉండదు, 2019 నుంచి వచ్చింది. లేకపోతే పివట్ టేబుల్‌లో E ని వరుసల్లో పెట్టి, F ని రెండుసార్లు వేసి ఒకదానికి Average, ఇంకోదానికి Max ఎంచుకోండి. ఆఖరి COUNTIFSలో వెళ్ళిపోయినవాళ్ళతోపాటు మీరు ఖాళీ చేసిన "టైము తెలియదు" కేసులూ వస్తాయి, కాబట్టి వాటిని తీసేసి మిగిలినదే వెళ్ళిపోయినవాళ్ళ సంఖ్య. డాక్టరుకు ఒక పట్టిక చొప్పున చేయండి. ప్రతి సూత్రంలోనూ B:B మీద డాక్టరు పేరు ఒక షరతుగా చేర్చితే చాలు. ఎముకల డాక్టరుగారి ఓపీనీ పిల్లల డాక్టరుగారి ఓపీనీ కలిపిన సగటుతో ఎవరికీ ఉపయోగం లేదు.

మొత్తం సగటు కావాలంటే గంటల సగటులను కూడి భాగించకండి. పై ఉదాహరణలో నాలుగు సగటులను కూడి నాలుగుతో భాగిస్తే 56 వస్తుంది. పదిమంది నిమిషాలను కూడి పదితో భాగిస్తే 63. రెండోదే సరైనది. ఇద్దరే వచ్చిన గంటకూ ముగ్గురు వచ్చిన గంటకూ ఒకే బరువు ఇవ్వడం వల్ల ఆ తేడా వచ్చింది. మీ దగ్గర ఒక గంటలో నలభై మంది, ఇంకో గంటలో ముగ్గురు వస్తుంటే తేడా ఇంకా పెద్దది అవుతుంది.

సార్ దగ్గరికి తీసుకెళ్ళే ముందు ఒక్క పరీక్ష చేయండి. నేను ఏ కొత్త ఆస్పత్రిలోనైనా దీనితోనే మొదలుపెడతాను. రేపు సరిగ్గా పదింటికి ఓపీ హాలులోకి వెళ్ళి, ఆ డాక్టరుగారి కోసం ఆగుతున్న చీటీలు ఎన్నో లెక్కపెట్టండి. మనుషులను లెక్కపెట్టకండి, పేషెంట్‌తో ఇద్దరేసి వస్తారు. సాయంత్రం డేటా దించి, పదింటికి ముందే వచ్చి పది తర్వాత పిలుపు అందుకున్నవాళ్ళు ఎంతమందో చూడండి. K1లో ఆ తేదీ, టైము రాసి, డాక్టరు పేరు షరతును ఇందులోనూ చేర్చుకుని:

```
=COUNTIFS(C:C,"<="&K1,D:D,">"&K1)
```

నా పట్టికలో పదింటికి ఇది 6 ఇస్తుంది. హాలులో మీరు లెక్కపెట్టినవి 11 చీటీలైతే, ఆ మిగిలిన ఐదుగురు ఎవరో వెతకాలి. వాళ్ళ చీటీల మీది తేదీ చూడండి, పాతదైతే రివ్యూలే. కొత్త చీటీలే అయి డేటాలో పిలిచిన టైము లేకపోతే, తర్వాత వెళ్ళిపోయినవాళ్ళు. రెండూ కాకపోతే ముందే ఎవరో బటన్ నొక్కేశారన్నమాట. మూడు రోజులు వరుసగా రెండు అంకెలూ దగ్గరగా వస్తే మీ రిపోర్ట్‌ను నమ్మవచ్చు.

సార్‌కు ఇచ్చేది ఒక్క పేజీ చాలు. డాక్టరుకు ఒక పట్టిక. గంట, వచ్చినవాళ్ళు, సగటు, గరిష్ఠం (తేదీతో), 60 దాటినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు. పట్టిక పైన ఒక వాక్యంలో "వచ్చిన గంట ప్రకారం, టోకెన్ నుంచి కన్సల్టెంట్ పిలుపు వరకు" అని తప్పకుండా రాయండి. పట్టిక కింద ఆ నెలలో ఓపీ ఏ రోజు ఎన్నింటికి మొదలైందో తేదీల వారీగా ఒక చిన్న వరుస పెట్టండి, రోజూ మొదటి పిలుపు టైమే అది. డాక్టరుగారి పేరు పక్కన ఆలస్యం అని మీరు రాయనక్కర్లేదు. నేను చెప్పిన ఆ ఆస్పత్రిలో ఈ వరుస చూశాక డాక్టరుగారే స్వయంగా రౌండ్స్ రెండు భాగాలు చేసుకుని, ఐసీయూ మాత్రం ముందు చూసి తొమ్మిదిన్నరకు ఓపీకి రావడం మొదలుపెట్టారు. మిగతా వార్డు మధ్యాహ్నం చూసేవారు. కౌంటరులో ఇరవయ్యో టోకెన్ దాటినవాళ్ళకు "పదకొండుకు రండి" అని చీటీ మీద రాసి ఇచ్చేవాళ్ళం. పట్టికలో ముందుగా తగ్గింది ఎనిమిది గంటల వరుస.

మీ ఆ 9 గంటల కేసు టోకెన్‌లో వచ్చిన టైము, పిలిచిన టైము, ల్యాబ్ బిల్లు ఉంటే దాని టైము, ఈ మూడూ ఇక్కడ రాయండి. పేషెంట్ పేరు, నంబరు వద్దు. పై వాటిలో ఏ కారణమో చూసి చెప్తాను.